కక్ష మనిషిలో వెతకాలా, ఫైల్లో వెతకాలా?

“ఆ ఆఫీసరుకి నేనంటే మొదటినుంచీ గిట్టదండీ. కావాలనే ఈ ఆర్డరిచ్చాడు.” బదిలీ ఉత్తర్వో, సస్పెన్షన్ కాగితమో, లైసెన్సు రద్దు నోటీసో పట్టుకుని లాయరు గుమ్మం ఎక్కినవాళ్లు మొదట చెప్పే మాట దాదాపుగా ఇదే. అది చాలాసార్లు నిజం కూడా కావచ్చు. అయితే ఆ మాట మీదే కేసంతా నిలబెడితే ఎక్కువ కేసులు కూలిపోతాయి. గిట్టదన్న సంగతిని కోర్టులో రుజువు చేయడం ఎంత కష్టమో ఆ బాధలో ఉన్నవాళ్లకు తోచదు. అంతకంటే తేలిగ్గా రుజువయ్యే లోపం అదే ఉత్తర్వులో, అదే ఫైల్లో ఉన్నా అటువైపు చూపు పోదు.

అధికారులు విచక్షణతో ఇచ్చే ఉత్తర్వులను సవాలు చేసేటప్పుడు దురుద్దేశం అనే ఆరోపణకు మన న్యాయస్థానాలు రెండు రూపాలు గుర్తించాయి. ఒకటి మాలిస్ ఇన్ ఫ్యాక్ట్. అంటే ఉత్తర్వు ఇచ్చిన మనిషికో, ఇప్పించిన మనిషికో నిజంగానే కక్ష, పగ, స్వార్థం ఉండటం. రెండోది మాలిస్ ఇన్ లా. ఇక్కడ ఎవరికీ ఎవరిమీదా కోపం ఉండనక్కర్లేదు. చట్టం ఒక పనికోసం ఇచ్చిన అధికారాన్ని ఇంకో పనికి వాడినా, అసలు ఆధారమే లేకుండా వాడినా, చట్టం దాన్ని దురుద్దేశంగానే లెక్కగడుతుంది. మొదటిదానికి సాక్ష్యం మనిషి మనసులోనూ, నడవడిలోనూ వెతకాలి. రెండోదానికి సాక్ష్యం ప్రభుత్వం దగ్గరున్న కాగితాల్లోనే ఉంటుంది.

మొదటి రకానికి మన రాష్ట్రం నుంచే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 1964లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన సి.ఎస్. రౌజీ కేసు అది. కర్నూలు జిల్లాలో ప్రైవేటు బస్సుల యజమానులు వేసినది. అప్పట్లో మోటారు వాహనాల చట్టం కింద ఆర్టీసీ ఒక పథకం తయారుచేసి, ప్రభుత్వ ఆమోదం పొంది ఏ రూట్లనైనా జాతీయం చేయవచ్చు. ఏ ప్రాంతాన్ని ముందు తీసుకోవాలి, ఏది తరవాత అన్నది విచక్షణకు సంబంధించిన విషయం. జాతీయం చేయడం తప్పని ఆ యజమానులు అనలేదు. వాళ్ల ప్రశ్నంతా వరుస గురించి. నిపుణుల కమిటీ ఒక క్రమం సూచించింది, ఆర్టీసీ కూడా ఆ దారినే నడుస్తోంది. 1962 ఎన్నికలు అయ్యాయి, నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ తరవాత కొద్దికాలానికే క్రమం మారిపోయి కర్నూలు ముందుకొచ్చింది. అదీ జిల్లా అంతా కాదు, పశ్చిమ భాగం మాత్రమే. ఆ భాగంలోని బస్సు యజమానుల్లో కొందరు తన రాజకీయ ప్రత్యర్థులు గనుక వాళ్లను దెబ్బతీయడానికే ముఖ్యమంత్రి ఈ మార్పు చేయించారని పిటిషనర్లు ప్రమాణపత్రాల్లో వివరంగా రాశారు.

ఆ ఆరోపణలకు జవాబుగా ఆర్టీసీ తరఫున, ప్రభుత్వం తరఫున అధికారులు కౌంటర్లు వేశారు. ముఖ్యమంత్రి మాత్రం సొంతంగా అఫిడవిట్ వేయలేదు. కేసు తిరిగిన మలుపు ఇదే. ఒక మనిషి మనసులో ఫలానా ఉద్దేశం ఉందని ప్రమాణం చేసి మరీ ఆరోపించినప్పుడు, కాదని చెప్పగలిగేది ఆ మనిషి ఒక్కరే. కింది అధికారి వచ్చి ‘మా ముఖ్యమంత్రికి అలాంటి ఉద్దేశం లేదు’ అంటే, ఆ సంగతి ఆయనకెలా తెలుసన్న ప్రశ్న వస్తుంది. ఇలాంటి ఆరోపణలు తరచుగా, తేలిగ్గా చేస్తున్నారని, వాటిని ఎంతో జాగ్రత్తగా తూచాలని కోర్టు తనను తాను హెచ్చరించుకుంది. అయినా ఈ కేసులో ఆరోపణలు ఖండన లేకుండా మిగిలిపోయాయి. వరుస మారిన తీరు, మారిన సమయం వాటికి బలమిచ్చాయి. ఆర్టీసీ చట్టప్రకారం స్వతంత్ర సంస్థే అయినా తన బుద్ధితో కాక ముఖ్యమంత్రి మాట ప్రకారం నడిచిందని తేల్చి, ఆ పథకాలను కోర్టు కొట్టేసింది. తీర్పు వచ్చిన కొద్ది వారాలకే సంజీవరెడ్డి పదవికి రాజీనామా చేశారు. ఆ ఫిబ్రవరి చివర్లో కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు.

ఈ కేసును చాలామంది రాజకీయ కథగా గుర్తుపెట్టుకుంటారు. కోర్టు ఫీజు కట్టి పిటిషన్ వేయబోయే సామాన్యుడు మాత్రం దీన్ని సాక్ష్యం కథగా చదవాలి. బస్సు యజమానులు మనసులోని మాటను మనసులోంచి రుజువు చేయలేదు. మారిన వరుస, ఆ మార్పు వచ్చిన తేదీ, జిల్లాను సగానికి చీల్చిన గీత, వీటిని పక్కపక్కన పెట్టి చూపించారు. వీటికి ఇంకో కారణం ఏమైనా ఉందా అని కోర్టు అడిగితే ప్రభుత్వం దగ్గర నమ్మదగిన జవాబు లేకపోయింది. పైగా ఆరోపణ ఎదుర్కొన్న వ్యక్తి నోరు విప్పలేదు. ఇన్ని కలిస్తేనే గెలిచారు. వీటిలో ఏ ఒక్కటి తప్పిపోయినా ఫలితం వేరుగా ఉండేదని నా అభిప్రాయం.

తప్పిపోతే ఏమవుతుందో పదేళ్ల తరవాత తమిళనాడు ప్రధాన కార్యదర్శి రాయప్ప కేసులో తెలిసింది. ప్రధాన కార్యదర్శి పదవి నుంచి కదిలించి తనను వేరే పోస్టులో వేశారని, దాని వెనక ముఖ్యమంత్రి కరుణానిధి వ్యక్తిగత కక్ష ఉందని ఆయన వాదించారు. 1974లో సుప్రీంకోర్టు ఆ కక్ష రుజువు కాలేదంది. దురుద్దేశం ఆరోపించడం సులువు, రుజువు చేయడం కష్టం గనుక రుజువు భారం చాలా ఎక్కువగా ఉంటుందని ఆ తీర్పు చెప్పింది. అనుమానం ఎంత గట్టిదైనా అది రుజువు కాదు. ఆ తీర్పునే ఇప్పటికీ ప్రభుత్వ ప్లీడర్లు దాదాపు ప్రతి కౌంటర్లోనూ ఉటంకిస్తారు.

ఈ దారిలో కాలు జారే చోట్లు ఇంకా ఉన్నాయి. కక్ష ఉందంటున్న వ్యక్తిని హోదాతో కాకుండా పేరుపెట్టి, వ్యక్తిగతంగా ప్రతివాదిగా చేర్చాలి. కలెక్టరును ‘జిల్లా కలెక్టర్’గా చేరిస్తే, ఆ కుర్చీలో ఈరోజు ఉన్నవారు ‘నాకేమీ తెలియదు’ అని కౌంటరు వేస్తారు. ఆరోపణ ఎవరిమీదైతే వచ్చిందో ఆ పాత కలెక్టరుకు జవాబు చెప్పే అవకాశం రాదు. జవాబు చెప్పే అవకాశం లేని మనిషి మీద కోర్టు దురుద్దేశం అంటగట్టదు. ఇది సాంకేతికమైన సాకులా కనిపిస్తుంది గానీ, వినకుండా ఒకరి మీద మచ్చ వేయకూడదన్న న్యాయసూత్రమే దీని వెనక ఉంది. అలాగే అఫిడవిట్లో ఏ పేరా నాకు స్వయంగా తెలిసింది, ఏ పేరా ఫలానావారు చెబితే తెలిసింది, ఏది రికార్డు చూసి రాసింది అని విడివిడిగా ధ్రువీకరించాలి. ఆంధ్రప్రదేశ్ ఐపీఎస్ అధికారి నంబియార్ తన సస్పెన్షన్ వెనక దురుద్దేశం ఉందని వేసిన కేసులో ఈ ధ్రువీకరణ సరిగ్గా లేదు. అందుకే సుప్రీంకోర్టు ఆ ఆరోపణలకు విలువ ఇవ్వలేదు. పోలీసు శాఖలో అంత పెద్ద హోదాలో ఉన్నవారికే అలా జరిగింది.

ఇంకో ఇబ్బంది రిట్ విధానంలోనే ఉంది. రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టు సాధారణంగా అఫిడవిట్లు, కాగితాలు చూసి తేలుస్తుంది. సాక్షులను బోనెక్కించి ప్రశ్నలు వేసే పద్ధతి అక్కడ అరుదు. ‘ఆయన తన ఛాంబర్లో నన్ను తిట్టాడు’ అని ఒకరంటే ‘తిట్టలేదు’ అని ఇంకొకరంటారు. ఎవరిది నిజమో కాగితం మీద తేలదు. తేలనప్పుడు భారం మోయాల్సిన పిటిషనరే ఓడిపోతాడు.

రెండో దారి ఎలా ఉంటుందో చూడటానికి ఎస్.ఆర్. వెంకటరామన్ కేసుకంటే మంచిది నాకు కనబడలేదు. ఆకాశవాణి డైరెక్టరేట్ జనరల్లో కుటుంబ నియంత్రణ విభాగానికి జాయింట్ డైరెక్టరుగా పనిచేసిన అధికారిణి ఆమె. 1976 మార్చి 26న, ఎమర్జెన్సీ నడుస్తున్న రోజుల్లో, ఆమె చేతికి ఒక ఉత్తర్వు వచ్చింది. ‘ప్రజాప్రయోజనం దృష్ట్యా’ ఆమెను ముందుగానే రిటైర్ చేస్తున్నామన్నది దాని సారాంశం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు వర్తించే ఫండమెంటల్ రూల్ 56(జె) ఇందుకు అధికారం ఇస్తుంది. ఫలానా హోదాలో ఉన్నవారికి 50 ఏళ్లు దాటాక, ప్రజాప్రయోజనం కోసం అవసరమని ప్రభుత్వం భావిస్తే, మూడు నెలల నోటీసో, మూడు నెలల జీతమో ఇచ్చి ఇంటికి పంపవచ్చు. ఇది శిక్ష కాదు కాబట్టి చార్జిషీటు గానీ విచారణ గానీ అక్కర్లేదు. మొద్దుబారిన, పనిచేయని, నిజాయితీ అనుమానాస్పదమైన వాళ్లను తప్పించుకోవడానికి ప్రభుత్వం చేతిలో ఉంచిన పదునైన కత్తి ఈ నిబంధన.

ఆమె రిట్ పిటిషన్లో రెండు మాటలూ రాశారు. ఒక పై అధికారికి తన మీద ఉన్న ద్వేషమే ఈ ఉత్తర్వుకు కారణమని ఒకటి. తనను రిటైర్ చేయడానికి రికార్డులో ఏ ఆధారమూ లేదని ఇంకొకటి. ఢిల్లీ హైకోర్టు దాన్ని విచారణకు కూడా తీసుకోకుండా మొదట్లోనే కొట్టేసింది. సుప్రీంకోర్టుకు వచ్చేసరికి ఆమె లాయరు వాదనను మార్చారు. ఎవరికి ద్వేషం ఉంది, ఎందుకుంది అన్న గొడవను పక్కనపెట్టి, ప్రభుత్వం తన ఫైలు తెచ్చి చూపించాలని, ఈ ఉత్తర్వుకు ఆధారం ఏమిటో చెప్పాలని అడిగారు.

ప్రభుత్వం తరఫు న్యాయవాది రికార్డు తెచ్చారు, చదివారు. ఈ ఉత్తర్వును సమర్థించగలిగింది రికార్డులో ఏమీ లేదని, ఇలాంటి అన్యాయమైన ఉత్తర్వును సమర్థించే స్థితిలో ప్రభుత్వం లేదని నిజాయితీగా ఒప్పుకున్నారు. అంతటితో కేసు దాదాపుగా అయిపోయింది.

అయిపోయిందని ఇప్పుడు తేలిగ్గా అంటున్నాం గానీ కోర్టు ముందు అప్పుడు ఒక చిక్కు ఉంది. ద్వేషం రుజువు కాలేదు, పైగా ఆ వాదనను పిటిషనరే వదిలేశారు. అప్పుడు ఉత్తర్వును దురుద్దేశంతో ఇచ్చినదని ఎలా అనగలం? జస్టిస్ పి.ఎన్. సింఘాల్ రాసిన ఆ తీర్పు ఇక్కడ ఇంగ్లండు న్యాయమూర్తి వైకౌంట్ హాల్డేన్ 1914లో చెప్పిన సూత్రాన్ని ఆసరా చేసుకుంది. చట్టాన్ని మీరి ఇంకొకరికి నష్టం చేసినవాడు ‘నా మనసు స్వచ్ఛంగానే ఉంది’ అని తప్పించుకోలేడు. అతనికి చట్టం తెలుసనే, దాని లోపలే నడుచుకోవాలనే చట్టం అనుకుంటుంది. అందువల్ల మనసులో ఏ మలినం లేకపోయినా చట్టం దృష్టిలో అతను మాలిస్ దోషి కావచ్చు. ఈ మాటను ఉత్తర్వుకు అన్వయించి కోర్టు ఇంకొంచెం ముందుకు నడిచింది. లేని విషయాన్ని ఉందని నమ్మి అధికారి ఒక నిర్ణయం తీసుకున్నాడనుకుందాం. ఆ నమ్మకం నిజమైనదే కావచ్చు. అయినా ఆ విషయం లేదని తేలాక ఆ ఉత్తర్వు ఎంత అసమంజసంగా మారుతుందంటే, దాన్ని దురుద్దేశంతో చేసినదాని పక్కనే నిలబెట్టవచ్చు. ప్రజాప్రయోజనం కోసం ఇచ్చిన అధికారాన్ని ప్రజాప్రయోజనం ఊసే లేని చోట వాడితే అది ఆ అధికారం కింద చేసిన పనే కాదు. ఉత్తర్వు రద్దయింది, కేసు ఖర్చులు కూడా ఇప్పించారు.

ఆ అధికారిణికి అన్యాయం చేసింది ఎవరో తీర్పు చదివాక కూడా మనకు తెలియదు. తెలియాల్సిన అవసరం కోర్టుకు రాలేదు. మాలిస్ ఇన్ లా బలం అక్కడే ఉంది. కక్ష పెట్టుకున్న మనిషి తెలివైనవాడైతే తన కక్షను ఎక్కడా కాగితం మీద పెట్టడు. కాగితం మీద ఉండాల్సిన కారణాన్ని మాత్రం లేనిచోట సృష్టించలేడు. సృష్టించడానికి ప్రయత్నిస్తే తేదీలు పట్టిస్తాయి.

బదిలీ కేసుల్లో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. బదిలీ ఉద్యోగంలో భాగం, ఎవరిని ఎక్కడ వేయాలో ప్రభుత్వం ఇష్టం, కోర్టులు సాధారణంగా తలదూర్చవు. సోమేశ్ తివారీ అనే సెంట్రల్ ఎక్సైజ్ అధికారిని భోపాల్ నుంచి షిల్లాంగ్‌కు బదిలీ చేశారు. దానికి ముందు ఆయన మీద ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. శాఖ దానిమీద విచారణ చేయించింది, ఆరోపణలు నిజం కాదని తేలింది. అయినా బదిలీ జరిగింది. 2008 నాటి తీర్పులో సుప్రీంకోర్టు అడిగింది ఒక్కటే: ఈ బదిలీకి పరిపాలనా కారణం ఏది? ఫైల్లో ఆ ఉత్తరం తప్ప ఇంకేమీ లేదు. తప్పు చేశాడనుకుంటే క్రమశిక్షణ చర్య తీసుకోవాలి, దానికి నిబంధనలు వేరే ఉన్నాయి. తప్పు లేదని తేలాక కదిలించాల్సిన పనే లేదు. శిక్షకు బదులుగా బదిలీని వాడటం, బదిలీకి సంబంధం లేని విషయంతో బదిలీ చేయడం మాలిస్ ఇన్ లా అని కోర్టు తేల్చింది. ఆ ఉత్తరం రాసిందెవరో, దాన్ని నమ్మిన అధికారి మనసులో ఏముందో తేలకుండానే ఉత్తర్వు పోయింది.

ఈ మూడు నాలుగు తీర్పులు చదివినవాళ్లకు మాలిస్ ఇన్ లా అన్నది ఏ తాళమైనా తీసే చెవి అనిపించే ప్రమాదం ఉంది. అలా అనుకునేవాళ్లు హైదరాబాదుకు చెందిన గోవర్ధన్‌లాల్ పిట్టి కేసు చదవాలి. నగరంలో ఒక ప్రైవేటు భవనంలో ప్రభుత్వ బడి అద్దెకు నడుస్తోంది. యజమాని ఖాళీ చేయించడానికి కోర్టుకెళ్లి గెలిచాడు. అప్పుడు ప్రభుత్వం భూసేకరణ చట్టం కింద అదే ఆస్తిని బడికోసం సేకరించడానికి నోటిఫికేషన్ ఇచ్చింది. యజమాని దృష్టిలో ఇది చేతికి అందిన కోర్టు డిక్రీని లాక్కోవడమే. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆయన పక్షాన నిలిచింది. 2003లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ప్రభుత్వానికి వ్యక్తిగత పగ అంటూ ఉండదు, కాబట్టి దాని మీద ఆరోపించగలిగింది చట్టపరమైన దురుద్దేశమే. అది నిలబడాలంటే సేకరణ వెనక ఉన్న అసలు లక్ష్యం చెప్పిన లక్ష్యం కాదని, దొడ్డిదారి లక్ష్యం ఇంకొకటి ఉందని చూపించాలి. ఇక్కడ బడి ఏళ్ల తరబడి అక్కడే నడుస్తోంది, పిల్లలు చదువుకుంటున్నారు. ఖాళీ చేయాల్సి రావడమే ఆ స్థలం అవసరాన్ని ముందుకు తెచ్చింది. బడి అవసరం నిజమైనప్పుడు, డిక్రీ నిరుపయోగమైపోయిందన్న ఒక్క కారణంతో సేకరణ దురుద్దేశం కిందికి రాదంది కోర్టు.

యజమాని బాధ నాకు అర్థమవుతుంది. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగి గెలిచిన మనిషి అతను. అయినా తీర్పు గీసిన గీత సరైనదే అనుకుంటాను. ఉత్తర్వు మనకు నష్టం చేసిందన్నది ఒక సంగతి, అధికారం తన దారి తప్పిందన్నది ఇంకో సంగతి. ఉత్తర్వు తప్పుగా ఉందనీ, ఇంకా మంచి నిర్ణయం తీసుకోవచ్చనీ చూపించినంత మాత్రాన మాలిస్ ఇన్ లా కాదు. చెప్పిన ప్రయోజనం నిజంగా ఉందా, దానికి ఫైల్లో ఆధారం ఉందా అన్నదే పరీక్ష. ఉంటే, ఆ ఉత్తర్వు మనకెంత చేదుగా ఉన్నా ఈ వాదనతో అది పోదు.

ఇదంతా చేతికి అందేలా ఒక ఊహాకల్పిత ఉదాహరణ తీసుకుందాం. ఒక మండలంలో చౌకధరల దుకాణం నడిపే డీలరమ్మ ఉన్నారు. ఆర్డీఓ ఆమె ఆథరైజేషన్‌ను సస్పెండ్ చేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. ‘స్టాకులో తేడా, కార్డుదారుల ఫిర్యాదులు’ అని రెండు ముక్కలు రాశారు. ఊళ్లో అందరూ అనుకునేది వేరు: పోయిన ఎన్నికల్లో ఆమె భర్త ఎదుటి పార్టీకి పనిచేశాడు, అందుకే ఎమ్మెల్యే చెప్పి తీయించారు. ఆమె లాయరుతో చెప్పేదీ అదే.

పిటిషన్ ఆ మాటతో మొదలైతే ఏమవుతుంది? ఎమ్మెల్యేని పేరుతో చేర్చాలి. ఆయన ‘నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు’ అని అఫిడవిట్ వేస్తారు. ఆర్డీఓ ‘నాపై ఎవరి ఒత్తిడీ లేదు’ అంటారు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతిని కోర్టులో చెప్పడానికి ఊళ్లో ఒక్కరూ ముందుకు రారు. వివాదం ఉన్న వాస్తవాలు రిట్లో తేల్చలేమని, ముందు చట్టంలో ఉన్న అప్పీలుకు వెళ్లమని చెప్పి కోర్టు పంపించేయవచ్చు.

అదే డీలరమ్మ కాస్త ఓపికపట్టి ముందు కాగితాలు సంపాదించారనుకుందాం. సమాచార హక్కు చట్టం కింద ఆర్డీఓ ఆఫీసుకు అర్జీ పెట్టారు. సస్పెన్షన్‌కు దారితీసిన నోట్ ఫైలు, తనిఖీ నివేదిక, పంచనామా, ఫిర్యాదుల నకళ్లు అడిగారు. చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. కాగితాలు వచ్చాక తేదీలు వరుసగా రాసుకున్నారు. మూడో తేదీన ఎమ్మెల్యే లెటర్‌హెడ్ మీద, ఫలానా డీలరును తొలగించి ఫలానావారిని పెట్టమని సిఫార్సు. ఐదో తేదీన ఆర్డీఓ సస్పెన్షన్ ఉత్తర్వు. తొమ్మిదో తేదీన డిప్యూటీ తహసీల్దార్ తనిఖీకి వెళ్లి, స్టాకులో తేడా ఉందని పంచనామా రాశారు. కార్డుదారుల ఫిర్యాదుల మీద తేదీలు పదో తేదీ తరవాతివి.

ఇప్పుడు కక్ష అన్న మాట ఒక్కసారి కూడా రాయకుండా కేసు నిలబెట్టవచ్చు. ఐదో తేదీన ఉత్తర్వు ఇచ్చేటప్పుడు స్టాకు తేడా గురించి ఆర్డీఓ ముందు ఒక్క కాగితం లేదు. ఆ రోజు ఆయన ముందున్నది సిఫార్సు లేఖ ఒక్కటే. సస్పెండ్ చేసే అధికారం నిబంధనలు ఉల్లంఘించిన డీలరు మీద వాడటానికి ఇచ్చింది గానీ, కొత్తవారికి చోటు ఖాళీ చేయించడానికి ఇచ్చింది కాదు. నిర్ణయం ఆర్డీఓ తీసుకోవాలని చట్టం చెబితే, ఇంకొకరు తీసుకున్న నిర్ణయానికి ఆయన సంతకం పెట్టారు. తొమ్మిదో తేదీ తనిఖీని చూపించి ఐదో తేదీ ఉత్తర్వును నిలబెట్టుకోవడం కుదరదు. ఉత్తర్వు దానిలో రాసిన కారణాలతోనే నిలబడాలి, తరవాత కౌంటరులో కొత్త కారణాలు అతికించకూడదని 1977లో మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ పిటిషన్‌కు కౌంటరు రాయాల్సిన ప్రభుత్వ ప్లీడరుకు ఖండించడానికి ఆరోపణే దొరకదు. తేదీలు వాళ్ల ఆఫీసువే.

మరి ఎమ్మెల్యే సంగతి వదిలేయాలా? నా సలహా ఏమిటంటే, ఆయన లేఖను కాగితంగా చూపించండి, ఆయన మనసును ప్రశ్నించకండి. ఆయనకు నిజంగా పగ ఉందని చెప్పగలిగే గట్టి సాక్ష్యం, అంటే వాయిస్ రికార్డింగో, ముందెప్పుడో రాతపూర్వకంగా చేసిన బెదిరింపో దొరికితే, అప్పుడు పేరుపెట్టి చేర్చి, ఏ రోజు ఎక్కడ ఎవరి ముందు ఏం జరిగిందో వివరంగా రాసి, మొదటి రకం ఆరోపణ కూడా చేయవచ్చు. 1963లోనే పంజాబ్‌కు చెందిన డాక్టర్ ప్రతాప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముందు టేపు రికార్డులు పెట్టారు. రిటైర్మెంట్ అంచున ఉన్న ఆ సివిల్ సర్జన్ సెలవు రద్దుచేసి, సస్పెండ్ చేసి, విచారణ కోసమని సర్వీసులో కొనసాగించారు. ఒక రోగి దగ్గర 16 రూపాయలు లంచం తీసుకున్నారన్నది ఆయన మీద పెట్టిన అభియోగాల్లో ఒకటి. ముఖ్యమంత్రి ప్రతాప్ సింగ్ కైరాన్ పగే దీనికి కారణమన్న ఆయన వాదనను ముగ్గురు న్యాయమూర్తులు ఒప్పుకున్నారు, ఇద్దరు ఒప్పుకోలేదు. టేపులున్న కేసులోనే ధర్మాసనం రెండుగా చీలిందంటే, చేతిలో ఏమీ లేని కేసు పరిస్థితి ఊహించుకోవచ్చు. రుజువు కాని కక్ష ఆరోపణ మంచి కేసును కూడా పాడుచేస్తుంది. పిటిషనరు నోటికొచ్చినట్లు రాశాడన్న అభిప్రాయం ఒకసారి కలిగాక మిగతా పేరాలు కూడా అదే కళ్లతో చదవబడతాయి.

ప్రభుత్వం ఫైలు ఇవ్వనప్పుడు ఏం చేయాలన్న ప్రశ్న వస్తుంది. సమాచార హక్కు అర్జీకి జవాబు రాకపోయినా పిటిషన్ వేయడానికి అది అడ్డంకి కాదు. ఒరిజినల్ రికార్డు తెప్పించమని పిటిషన్లోనే విడిగా కోరాలి, ఆ ఉత్తర్వుకు ముందు రోజు వరకు ఉన్న నోటింగులన్నీ అని స్పష్టంగా రాయాలి. ఆకాశవాణి అధికారిణి గెలిచింది ఈ ఒక్క కోరికతోనే. రికార్డు తెమ్మని కోర్టు ఆదేశించాక కూడా తేకపోతే, తెస్తే తమకు వ్యతిరేకంగా ఉంటుందనే తేలేదని కోర్టు అనుకోవచ్చు.

గెలిచాక వచ్చేదేమిటో కూడా ముందే తెలిసి ఉండటం మంచిది. డీలరమ్మ కేసులో ఐదో తేదీ ఉత్తర్వు రద్దయితే దుకాణం తిరిగి ఆమె చేతికి వస్తుంది. అయితే తొమ్మిదో తేదీ పంచనామా ఇంకా ఫైల్లోనే ఉంది. దాని ఆధారంగా ఆర్డీఓ మళ్లీ షోకాజ్ నోటీసు ఇవ్వవచ్చు, ఆమె వివరణ తీసుకుని కొత్త ఉత్తర్వు రాయవచ్చు. మాలిస్ ఇన్ లా మీద గెలిచిన తీర్పుల్లో ‘చట్టప్రకారం మళ్లీ చర్య తీసుకోవడానికి అధికారులకు స్వేచ్ఛ ఉంది’ అన్న వాక్యం చాలాసార్లు ఉంటుంది. అందుకని రిట్ వేసిన రోజునే ఆ పంచనామాకు జవాబు కూడా సిద్ధం చేసుకోవాలి: ఆ నెల స్టాకు రిజిస్టరు, ఈ-పాస్ యంత్రంలోని అమ్మకాల వివరాలు, తనిఖీ జరిగిన సమయంలో దుకాణం ఎవరి అధీనంలో ఉందో చూపించే కాగితం. ఐదో తేదీన సస్పెండ్ అయి, తాళాలు అప్పగించిన రసీదు ఆమె దగ్గరుంటే, తొమ్మిదో తేదీన తేలిన తేడాకు జవాబు చెప్పాల్సింది ఆమె కాదు.